ముల్లు తర్వాత ముల్లు: నాలుగు ఝానాల దారి, మొదటి మెట్టు నుంచి

వైశాలి పక్కన మహావనంలో బుద్ధుడు ఉంటున్న రోజుల్లో ఒకసారి లిచ్ఛవి పెద్దలు రథాలేసుకుని, గోలగోలగా ఆయన దర్శనానికి బయల్దేరారు. ఆ సందడి వినగానే కొందరు పెద్ద భిక్షువులు మెల్లగా లేచి గోసింగ సాలవనానికి వెళ్లిపోయారు. తర్వాత బుద్ధుడు వాళ్లేరని అడిగితే, మిగిలినవాళ్లు సంగతి చెప్పారు. ఆయన కోప్పడలేదు. మంచి పని చేశారన్నాడు. అక్కడే ఒక ముళ్ల జాబితా కూడా చెప్పాడు. ఝానం అంటే మనసు బాగా నిలిచినప్పుడు చేరే లోతైన స్థితి, అవి నాలుగు. మొదటి ఝానానికి శబ్దం ముల్లు. రెండోదానికి వితర్క విచారాలు ముల్లు. మూడోదానికి ప్రీతి ముల్లు. నాలుగోదానికి ఊపిరి ముల్లు.

అంగుత్తర నికాయమనే పాళీ గ్రంథంలో ఉన్న ఈ చిన్న సుత్తమే, అంటే బుద్ధుడి ఉపదేశమే, నాకు ఝానాల గురించి మొదట అర్థమైన విషయం. అంతకు ముందు వరకూ ఝానమంటే ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయే అనుభవాలనుకునేవాణ్ణి. కానీ ఇక్కడ చూడండి, మొదటి ఝానంలో ఎంతో కష్టపడి సంపాదించిన ప్రీతే మూడోదానికి వచ్చేసరికి గుచ్చుకునే ముల్లయింది. ఏ ఊపిరిని పట్టుకుని దారి మొదలుపెట్టామో, చివరికి అదే ముల్లయింది. అంటే పైకి వెళ్లేకొద్దీ కొత్తగా వచ్చి చేరేది తక్కువ, రాలిపోయేది ఎక్కువ. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే నాలుగు మెట్లూ వరసలో అర్థమవుతాయి.

ముందు మాటల చిక్కు విప్పుకుందాం

ఝానం అనేది పాళీ మాట. సంస్కృతంలో ధ్యానం. మనం రోజూ "పొద్దున్నే ధ్యానం చేస్తాను" అంటాం, అంటే కళ్లు మూసుకుని కూర్చుంటాను అని. పాళీ గ్రంథాల్లో ఝానం అంటే కూర్చోవడం కాదు, కూర్చున్నాక మనసు చేరే ఒక నిర్దిష్టమైన స్థితి. పతంజలి యోగంలో ధ్యానం తర్వాతి మెట్టు సమాధి. బౌద్ధంలో అష్టాంగ మార్గంలోని సమ్మా సమాధికి ఇచ్చిన వివరణే నాలుగు ఝానాలు. అందుకని అక్కడి లెక్క ఇక్కడికి తేకండి.

తెలుగువాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. పాళీ మాటలు మనకు తెలిసినట్టే ఉంటాయి, కానీ అర్థం వేరు. వితర్కం అంటే ఇక్కడ వాదన కాదు, మనసును తీసుకెళ్లి ఒక వస్తువు మీద పెట్టడం. విచారం అంటే దిగులు కాదు, పెట్టిన చోట మనసును ఆనించి ఉంచడం. నిమిత్తం అంటే సాకు కాదు, మనసు నిలబడినప్పుడు కనిపించే గుర్తు. ఉపేక్ష అంటే పట్టించుకోకపోవడం కాదు, ఎటూ మొగ్గకుండా దగ్గరగా ఉండి చూడటం. ఈ నాలుగు మాటల దగ్గర తెలుగు అర్థం గుర్తొచ్చి తప్పుదారి పట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఝానం సుఖంగా ఉంటుందని చెబితే కొందరికి అనుమానం. సుఖం వెంట పడటం ఏం సాధన అని. ఈ అనుమానం బుద్ధుడికీ వచ్చింది. ఆరేళ్లు ఒళ్లు కృశింపజేసుకున్నాక, చిన్నప్పుడు తండ్రి పొలం పనిలో ఉండగా తాను నేరేడు చెట్టు నీడలో కూర్చుని మొదటి ఝానంలోకి వెళ్లిన సంగతి ఆయనకు గుర్తొచ్చిందని మహాసచ్చక సుత్తంలో ఉంది. కోరికలతో గానీ చెడుతో గానీ సంబంధం లేని ఈ సుఖానికి నేనెందుకు భయపడుతున్నాను అని ఆయన తనను తాను ప్రశ్నించుకున్నాడు. ఆ తర్వాతే మళ్లీ అన్నం తిన్నాడు.

మొదటి పని: కూర్చునే ముందు తలుపులు వేసుకోవడం

మొదటి ముల్లు శబ్దం కాబట్టి చోటుతో మొదలుపెట్టండి. సద్దు లేని గది, ఫోన్ ఇంకో గదిలో. పద్మాసనం తప్పనిసరి కాదు. నడుము నిటారుగా ఉండి, ముప్పావు గంట కదలకుండా ఉండగలిగితే కుర్చీ అయినా చాలు. ఇంట్లో రోజుకు గంట కూర్చుంటే ఊపిరి మీద మనసు నిలవడం వస్తుంది. ఆపైన చెప్పేవి చాలామందికి వరసగా రోజులకొద్దీ మౌనంగా కూర్చున్నప్పుడే జరుగుతాయి. ఇది ముందే తెలిసి ఉంటే నిరాశ తగ్గుతుంది.

బయటి తలుపుల తర్వాత లోపలివి. ఝానానికి అడ్డుపడేవాటిని అయిదు నీవరణాలంటారు: ఇంద్రియ సుఖాల మీద ఆశ, ద్వేషం, మందకొడితనంతో కూడిన నిద్ర, అల్లరితో కూడిన పశ్చాత్తాపం, సందేహం. ఇవి పోయినవాడి ఊరట ఎలా ఉంటుందో బుద్ధుడు రాజు అజాతశత్రువుకు చెబుతూ అప్పు తీరినవాడు, జబ్బు నయమైనవాడు, జైలు నుంచి బయటపడినవాడు, బానిసత్వం వదిలినవాడు, ఎడారి దాటినవాడు అని అయిదు పోలికలు చెప్పాడు. అప్పు తీరిన రోజు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు ఇంకేం వివరించనక్కర్లేదు.

అయిదింటిలో కొత్తవాళ్లను నిజంగా ఓడించేది నిద్ర. ఎందుకంటే అది శత్రువులా రాదు, శాంతిలా వస్తుంది. బుద్ధుడి ముఖ్య శిష్యుడు మొగ్గల్లానుడు అంతటివాడే కునికిపాట్లు పడుతుంటే బుద్ధుడు వరసగా ఉపాయాలు చెప్పాడు: దృష్టి పెట్టే విషయం మార్చు, నేర్చుకున్నది వల్లించు, చెవులు లాగి ఒళ్లు రుద్దుకో, లేచి కళ్లు నీళ్లతో కడుక్కుని నక్షత్రాల వైపు చూడు, పగటి వెలుగును తలుచుకో, అటూ ఇటూ నడువు. ఏదీ పని చేయకపోతే కుడి పక్కకు తిరిగి పడుకో, మెలకువ రాగానే లే. చివరిది నాకు బాగా నచ్చుతుంది. నిజంగా నిద్ర చాలనివాడికి నిద్రే మందు. రాత్రి అయిదు గంటలు నిద్రపోయి తెల్లారుజామున ఝానం రావట్లేదని బాధపడటంలో అర్థం లేదు.

ఊపిరిని పట్టుకోవడం, లెక్కతో

ఝానానికి చాలా ఆధారాలున్నాయి. మట్టి రంగు పళ్లెం, దీపపు జ్వాల, మైత్రి, ఇలా నలభై చెబుతుంది విశుద్ధిమగ్గం అనే పాత ధ్యాన గ్రంథం. నేను ఊపిరి దారే చెబుతాను, ఎందుకంటే నాకు కాస్తో కూస్తో తెలిసింది అదే. విశుద్ధిమగ్గం రాసిన బుద్ధఘోషుడు 5వ శతాబ్దంలో శ్రీలంకలోని అనురాధపురంలో, మహావిహారంలో కూర్చుని పని చేశాడు. ఆ గ్రంథం చివర ఆయన పేరుతో ముడిపడి కనిపించే ఊరు ఆంధ్రదేశంలోనిదని వాదించిన పండితులున్నారు. అది నిజమో కాదో గానీ, ఆయన వాడే పోలికలు మాత్రం మన పల్లెటూళ్ల నుంచి వచ్చినట్టే ఉంటాయి.

ముక్కు కొన దగ్గరో, పై పెదవి మీదో గాలి తగిలే చోటు ఒకటి చూసుకోండి. కొందరికి ముక్కు రంధ్రాల అంచున, కొందరికి పెదవి మీద తెలుస్తుంది. ఎక్కడ స్పష్టంగా ఉంటే అక్కడే. ఊపిరిని మీరు తీయవద్దు, వదలవద్దు. అది తనంతట తాను వచ్చిపోతుంటే తగిలే తాకిడిని మాత్రం గమనించండి. ప్రాణాయామం అలవాటున్నవాళ్లకు ఇది కష్టం, చేయి పెట్టకుండా ఉండలేరు.

ఇప్పుడు లెక్క. ఒక ఊపిరి పూర్తయ్యాక ఒకటి, తర్వాతిది రెండు. బుద్ధఘోషుడి నియమం ఏమిటంటే అయిదుకు తగ్గకూడదు, పదికి మించకూడదు. అయిదులోపే ఆపితే ఇరుకు దొడ్లో తోసిన ఆవుల్లా మనసు గింజుకుంటుంది. పది దాటితే ఊపిరి పోయి అంకెలే ఆధారమవుతాయి. కాబట్టి ఎనిమిదో పదో ఒకటి ఎంచుకుని, అక్కడికి చేరగానే మళ్లీ ఒకటి నుంచి. మొదట్లో ధాన్యం కొలిచేవాడిలా నిదానంగా లెక్కపెట్టమంటాడు. మన కల్లాల్లో కొలిచేవాళ్లు "లాభం, లాభం" అని సాగదీస్తూ ఆ కుంచం నిండేదాకా మాట వదలరు చూడండి, సరిగ్గా అలాగే. ఊపిరి జరుగుతున్నంతసేపూ ఆ అంకె లోపల ఉండాలి.

మధ్యలో లెక్క తప్పుతుంది. పన్నెండు దాకా వెళ్లిపోయి ఉలిక్కిపడతారు. తిట్టుకోకుండా ఒకటికి రండి. ఎప్పుడు లెక్క ఆపాలి? లెక్క లేకపోయినా మనసు ఊపిరి మీదే ఉంటున్నప్పుడు. అప్పుడు అంకెలు వదిలేసి, ప్రతి ఊపిరి మొదలు, మధ్య, చివర తెలుసుకుంటూ ఉండటమే. పొడుగ్గా వస్తే పొడుగని, పొట్టిగా వస్తే పొట్టని తెలుస్తుంది. దాని వెంట కడుపులోకీ గది బయటికీ పరుగెత్తవద్దు. కాపలావాడు గుమ్మం దగ్గర నిలబడి వచ్చేపోయేవాళ్లను చూస్తాడే గానీ వాళ్ల వెంట ఊళ్లోకి పోడు.

ఊపిరి మాయమైనప్పుడు

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. మనసు నెమ్మదించేకొద్దీ ఊపిరి సన్నబడుతుంది. వేరే ఏ ఆధారమైనా సాధనతో స్పష్టమవుతుంది, ఊపిరి మాత్రం ఇంకా ఇంకా పల్చబడుతుంది. ఒక దశలో ఏమీ తగలదు. అప్పుడు రెండు పొరపాట్లు జరుగుతాయి. ఒకటి, భయపడి గట్టిగా ఊపిరి తీయడం. ఆ ఒక్క గట్టి ఊపిరితో అరగంట పని పోతుంది. రెండు, ఇదే ఝానం అనుకోవడం.

కంగారు పడితే తనను తాను ఇలా ప్రశ్నించుకోమంటాడు బుద్ధఘోషుడు. ఊపిరి లేనివాళ్లెవరు? తల్లి కడుపులో ఉన్నవాడు, నీళ్లలో మునిగినవాడు, చచ్చిపోయినవాడు, నాలుగో ఝానంలో ఉన్నవాడు ఇలాంటివాళ్లు. నువ్వు వాళ్లలో ఎవరివీ కాదు. కాబట్టి ఊపిరి ఉంది, నీ చూపే మొద్దుగా ఉంది. పొలం దున్ని ఎడ్లను మేతకు వదిలిన రైతు వాటిని వెతుకుతూ అడవంతా తిరగడు. పగ్గం, ముల్లుకర్ర పట్టుకుని అవి నీళ్లు తాగడానికి వచ్చే రేవు దగ్గర కూర్చుంటాడు. అవే వస్తాయి. అలాగే మీరు ముక్కు కొన దగ్గరే కూర్చోండి. కాసేపటికి సన్నటి దారంలా ఊపిరి మళ్లీ తెలుస్తుంది. ఈసారి అంత సన్నటిదాన్ని పట్టుకోగలిగే చూపు కూడా వచ్చి ఉంటుంది.

వెలుగు కనిపించినప్పుడు

కొందరికి ఈ దశలో నిమిత్తం వస్తుంది. ఒకరికి నక్షత్రంలా, ఒకరికి ముత్యాల కుప్పలా, దూది పింజలా, పొగలా, మబ్బులా, చందమామలా కనిపిస్తుందని గ్రంథం చెబుతుంది. ఎవరి మనసు ఎలా పోల్చుకుంటే అలా. మొదట వచ్చేది మసకగా, కదులుతూ ఉంటుంది. దాన్ని ఉగ్గహ నిమిత్తం అంటారు. అది నిలకడగా, మచ్చ లేకుండా, తళతళలాడుతూ స్థిరపడితే పటిభాగ నిమిత్తం. అప్పటికి నీవరణాలు అణిగి ఉంటాయి. మనసు ఝానం గుమ్మంలో ఉందని అర్థం. ఈ గుమ్మాన్ని ఉపచార సమాధి అంటారు. లోపలికి అడుగు పెట్టడం అప్పనా సమాధి.

నా నోటుబుక్కులో ఒక పూట గురించి రాసుకున్నది ఇది. పది రోజుల మౌనంలో ఏడో రోజు మధ్యాహ్నం. మొదటి పావుగంట మోకాలి నొప్పి, లెక్క రెండుసార్లు తప్పింది. ఇరవై నిమిషాలకు లెక్క వదిలేశాను. నలభై నిమిషాల దగ్గర ఊపిరి సన్నబడి పోయింది, అంతకు ముందు రోజుల్లోలా కంగారు రాలేదు, అక్కడే కూర్చున్నాను. మళ్లీ దొరికింది. ఆ తర్వాత కళ్ల ముందు పాలగాజులోంచి వచ్చినట్టు తెల్లటి వెలుగు. చేతుల మీద వెంట్రుకలు లేచాయి. "వచ్చేసింది!" అనుకున్నాను. అంతే, పోయింది. అది మళ్లీ రావాలని తర్వాతి రెండు రోజులు వెలుగు కోసమే కూర్చున్నాను, కనుగుడ్లు పైకి నెట్టి మరీ. తలనొప్పి తప్ప ఏమీ రాలేదు. గురువుగారికి చెబితే ఆయన ఒకటే అడిగారు: "ఆ వెలుగు చూస్తున్నప్పుడు ఊపిరి ఎక్కడుంది?" నా దగ్గర జవాబు లేదు.

అందుకే చెబుతున్నాను. వెలుగు వచ్చినా ఊపిరినే చూడండి. వెలుగు దూరంగా, పక్కగా ఉంటే దాని దారిన దాన్ని పోనివ్వండి. అది ఊపిరి తగిలే చోటే నిలబడి, ఊపిరీ వెలుగూ ఒకటే అనిపించేంతగా కలిసిపోయినప్పుడు, మనసు దానంతట అదే అందులోకి జారుతుంది. మీరు జరిపేది కాదు. వెలుగు ఊపిరితో కలిసేదాకా ఆగాలనే విషయంలో బర్మాలోని పా-ఔక్ సంప్రదాయం చాలా గట్టిగా ఉంటుంది. అయితే వెలుగు రాకపోయినా కంగారు అక్కర్లేదు. సుత్తాల్లోని ఝాన వర్ణనలో వెలుగు ప్రస్తావనే లేదని, దాన్ని తప్పనిసరి చేయకూడదని వాదించేవాళ్లూ గట్టివాళ్లే.

మొదటి ఝానం: సున్నిపిండి ముద్ద

మొదటి ఝానంలో అయిదు అంగాలు కలిసి పని చేస్తాయి: వితర్కం, విచారం, ప్రీతి, సుఖం, ఏకాగ్రత. మొదటి రెండింటికీ తేడా చెప్పడానికి గంటను పోలికగా తెస్తారు. కొట్టడం వితర్కం, ఆ తర్వాత మోగుతూ ఉండటం విచారం. ఇంకో పోలిక నాకు ఇంకా ఇష్టం. కిలం పట్టిన కంచు పాత్రను ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, ఇంకో చేత్తో తోముతాం. పట్టుకున్న చెయ్యి వితర్కం, తోమే చెయ్యి విచారం. చింతపండుతో ఇత్తడి బిందె తోమినవాళ్లకు రెండు చేతులూ ఎందుకు కావాలో తెలుసు.

ప్రీతికీ సుఖానికీ తేడా తెలియకపోతే పై మెట్లు అసలు అర్థం కావు, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం. ఎడారిలో నాలుక పిడచకట్టుకుపోయినవాడికి దూరాన చెరువు కనిపించినా, దాని మాట వినిపించినా కలిగేది ప్రీతి. వెళ్లి నీళ్లు తాగి చెట్టు నీడన చేరగిలబడితే కలిగేది సుఖం. ప్రీతిలో ఉత్సాహం ఉంది, ఉరుకు ఉంది. సుఖంలో తృప్తి ఉంది. ప్రీతి అయిదు స్థాయిల్లో వస్తుందంటారు: ఒళ్లు గగుర్పొడిచేది, మెరుపులా క్షణం మెరిసిపోయేది, ఒడ్డున అలల్లా విరుచుకుపడేది, ఒళ్లు గాల్లోకి లేస్తున్నట్టు చేసేది, గాలి నింపిన తిత్తిలా ఒళ్లంతా నిండిపోయేది. నా చేతుల మీద వెంట్రుకలు లేచాయని చెప్పాను కదా, అది అన్నిటికన్నా కింది మెట్టు. అప్పనాకు దారి తీసేది చివరిదే.

అజాతశత్రువుకు బుద్ధుడు చెప్పిన పోలిక మనకు అచ్చంగా తెలిసినదే. నేర్పున్న స్నానపుపనివాడు కంచుపళ్లెంలో స్నానచూర్ణం వేసి, నీళ్లు చల్లుతూ పిసుకుతాడు. ముద్ద లోపలా బయటా తడిసి ఉంటుంది, కానీ ఒక్క చుక్కా కారదు. సున్నిపిండి కలిపినవాళ్లకు ఇందులో ఎంత లెక్క ఉందో తెలుసు. నీళ్లు తగ్గితే పొడి మిగిలిపోతుంది, ఎక్కువైతే జారిపోతుంది. ఒళ్లంతా ప్రీతిసుఖాలతో అలా తడవాలి, ఎక్కడా పొడిచోటు లేకుండా. పిసుకుతున్న ఆ చేతులే వితర్క విచారాలు. మొదటి ఝానంలో ఇంకా ఆ చెయ్యి పని చేస్తూనే ఉంది.

ఇది నిజంగా ఝానమేనా అని ఎలా తెలుసుకోవాలి? లోపల ఉండగా తెలుసుకోలేరు. "ఇది ఝానమా?" అనే ప్రశ్న పుట్టిందంటే బయటికొచ్చేసినట్టే. బయటికొచ్చాక వెనక్కి తిరిగి చూసుకోవాలి. కాసేపు ఏమీ తెలియకుండా ఉండి, లేచాక మబ్బుగా, బరువుగా ఉంటే అది మెలకువ తప్పిన నిద్ర. దాన్ని భవాంగంలో పడటం అంటారు, కొత్తవాళ్లు ఝానమని పొరబడేది ఎక్కువగా దీన్నే. అదే, ఎంతసేపు ఉన్నారో తెలియకపోయినా లేచాక మనసు కడిగిన పలకలా, పదునుగా, చెప్పిన చోట నిలిచేలా ఉంటే, నీవరణాలు చాలాసేపు తిరిగి రాకపోతే, దారి సరైనదని అర్థం.

ఇక పెద్ద తగాదా ఒకటి ఉంది, దాచడం ఎందుకు. ఝానంలో శబ్దం వినిపిస్తుందా? శబ్దం ముల్లని బుద్ధుడు చెప్పాడు కాబట్టి లోపల వినిపించదని కొందరు, వినిపించి బయటికి లాగుతుంది కాబట్టే ముల్లన్నాడని కొందరు. కథావత్థు అనే పాత గ్రంథంలోనే ఈ వాదన ఉంది, అక్కడ పాళీ గ్రంథాలను అనుసరించే థేరవాదుల తీర్పు వినిపించదనే. ఇప్పటి గురువుల్లో అజాన్ బ్రహ్మ్ లాంటివాళ్లు అయిదు ఇంద్రియాలూ పూర్తిగా మూసుకుపోతేనే ఝానమంటారు. అయ్య ఖేమా శిష్యుడు లీ బ్రేసింగ్టన్ లాంటివాళ్లు అంత లోతు లేని స్థితిని కూడా ఝానంగానే నేర్పుతారు. ఎవరి దగ్గర నేర్చుకుంటున్నారో వాళ్ల కొలతే వాడండి. రెండు కొలతలూ కలిపితే ఎప్పుడూ అయోమయమే.

తొందరపడే ఆవు

మొదటి ఝానం రుచి చూడగానే రెండోదానికి వెళ్లాలనిపిస్తుంది. దీనికి బుద్ధుడు కొండ ఆవు కథ చెప్పాడు. కొండ దారులు తెలియని ఆవు ఒకటి కొత్త చోట మేత మేద్దామని, ముందు కాలు గట్టిగా ఆనకుండానే వెనక కాలు ఎత్తింది. కొత్త చోటికీ వెళ్లలేదు, ఉన్న చోటికీ క్షేమంగా తిరిగి రాలేదు. కాబట్టి మొదటి ఝానంలోనే అయిదు రకాల పట్టు సాధించమంటారు: కావాలనుకున్నప్పుడు అటు దృష్టి తిప్పగలగడం, వెంటనే ప్రవేశించగలగడం, అనుకున్నంతసేపు ఉండగలగడం, అనుకున్నప్పుడు లేవగలగడం, లేచాక ఒక్కొక్క అంగాన్నీ విడిగా చూడగలగడం. పరీక్ష ఏమిటంటే, అరగంట ఉంటానని అనుకుని కూర్చుంటే అరగంటకే లేవాలి. పది నిమిషాలకో, గంటకో లేస్తే ముందు కాలు ఇంకా ఆనలేదన్నమాట.

చివరి పట్టు, అంటే లేచాక చూసుకోవడం, పై మెట్టుకు తాళం చెవి. ఎందుకంటే ఆ చూపులోనే ముల్లు గుచ్చుకుంటుంది.

రెండు, మూడు, నాలుగు

ఇక్కడి నుంచి నేను చెప్పేది గ్రంథాల్లో చదివింది, ఆ దారిన నడిచినవాళ్ల నోట విన్నది. నేను నడిచి చూసిన దారి కాదు.

మొదటి ఝానం నుంచి లేచి అంగాలను చూసుకున్నప్పుడు, పట్టు ఉన్నవాడికి వితర్క విచారాలు మొరటుగా కనిపిస్తాయి. మళ్లీ మళ్లీ గంట కొట్టడం ఎందుకు, మోగుతూనే ఉంది కదా అనిపిస్తుంది. పైగా నీవరణాలకు ఈ మెట్టు చాలా దగ్గర. అలా లోపం చూసి, అవి లేని స్థితి ఎంత ప్రశాంతమో తలుచుకుని మళ్లీ ఊపిరి నిమిత్తం మీద కూర్చుంటే, ఆ రెండూ రాలిపోతాయి. మిగిలేవి ప్రీతి, సుఖం, ఏకాగ్రత. పిసికే చెయ్యి తీసేశారు. అందుకే రెండో ఝానం పోలికలో పనివాడే లేడు. ఒక చెరువుంది, తూర్పు నుంచి గానీ పడమర నుంచి గానీ ఏ వైపునా కాలువ లేదు, వాన కూడా పడదు, అయినా అడుగున ఊట ఉబికి చెరువంతా చల్లటి నీటితో నిండుతుంది. లోపలి నుంచే, ఏ ప్రయత్నమూ లేకుండా. బుద్ధుడు దీన్ని ఆర్య మౌనం అన్నాడు, ఎందుకంటే లోపలి మాటకు మూలమైన వితర్క విచారాలు ఇక్కడ ఆగిపోతాయి.

ఈ ఊట మీద కూడా పట్టు సాధించాక, ఒక రోజు లేచి చూసుకుంటే ప్రీతి అలజడిగా అనిపిస్తుంది. చెరువు చూసి ఎగిరి గంతేయడం మంచిదే, కానీ నీళ్లు తాగాక ఇంకా గంతులెందుకు? ప్రీతి రాలిపోతే మూడో ఝానం. సుఖం ఉంటుంది, ఉరుకు ఉండదు. తామరకొలనులో కొన్ని పూలు నీళ్ల పైకి రాకుండా లోపలే పుట్టి, లోపలే పెరిగి, కొన నుంచి వేరు దాకా చల్లటి నీటిలో నానుతుంటాయి. ఊట కదలిక కూడా లేదు, నానడమే ఉంది. ఇక్కడ జాగ్రత్త అవసరం. ఈ సుఖం ఎంత తీయనిదంటే, కాపలా లేకపోతే ప్రీతి మళ్లీ వచ్చి చేరుతుందట, పాలు మాన్పించడానికి విడదీసిన దూడ ఆపకపోతే తల్లి దగ్గరికే పరుగెత్తినట్టు. అందుకే మూడో ఝానం వివరణలో స్మృతి, ఎరుక అనే మాటలు ప్రత్యేకంగా చెప్పారు.

చివరికి సుఖం కూడా బరువనిపిస్తుంది. అది ఎంత సన్నటిదైనా మనసు దాని వైపు ఒరిగే ఉంటుంది కదా. అది పోతే నాలుగో ఝానం. సుఖమూ లేదు, దుఃఖమూ లేదు, ఉపేక్ష ఉంది, ఉపేక్ష వల్ల శుభ్రపడిన స్మృతి ఉంది. పోలిక ఏమిటంటే, తల నుంచి కాళ్ల దాకా తెల్లటి శుభ్రమైన బట్ట కప్పుకుని కూర్చున్న మనిషి. ఎక్కడా బట్ట తగలని చోటు లేదు. గమనించండి, నాలుగు పోలికల్లో మొదటి మూడింటిలో నీళ్లున్నాయి, తడి ఉంది. నాలుగోదానిలో తడి లేదు. ఇక్కడే ఊపిరి కూడా ఆగుతుందని చెబుతారు. అంటే మొదట ముక్కు కొన దగ్గర ఏది పట్టుకుని బయల్దేరామో అదే ఆఖరి ముల్లుగా రాలిపోయింది. ఈ మాట చదివి ఎవరూ ఊపిరి బిగబట్టే ప్రయత్నం చేయకూడదు. అది ఫలితం, పద్ధతి కాదు.

నాలుగో ఝానం పైన ఆకాశం, విజ్ఞానం, ఏమీ లేకపోవడం, గ్రహింపు ఉందో లేదో చెప్పలేకపోవడం అని నాలుగు అరూప స్థితులున్నాయి. చివరి రెండూ బుద్ధుడు జ్ఞానోదయానికి ముందే ఆళార కాలాముడనే గురువు దగ్గర, ఉద్దక రామపుత్తుడనే ఇంకొకరి దారిలో నేర్చుకుని, ఇదింకా విముక్తి కాదని వదిలి వచ్చినవి. ఝానం ఎంత లోతైనా అందులోంచి లేవాల్సిందే. లేచాక, నీవరణాలు అణిగిన ఆ మనసుతో వచ్చిందల్లా పోతోందని చూడటం వేరే పని, దానికే విపస్సన అని పేరు.

కూర్చోబోయేవాళ్లకు రెండు హెచ్చరికలు

తెలుగు నేల మీద ఊపిరి దారి నేర్పే చోట్లలో గోయెంకా గారి సంప్రదాయానికి చెందిన హైదరాబాద్ ధమ్మఖేత్త 1976 నుంచి ఉంది. అక్కడి పది రోజుల శిబిరంలో మొదటి మూడు రోజులూ ఊపిరి మీదే కూర్చోబెడతారు, నాలుగో రోజు నుంచి విపస్సన. అంటే అక్కడ నేర్పేది ఝానం కాదు. అక్కడికి వెళ్లి ఝానం కోసం పట్టుబట్టకండి, ఒక శిబిరంలో రెండు పద్ధతులు కలపడం వాళ్లూ ఒప్పుకోరు. కానీ ముక్కు కొన దగ్గర కూర్చోవడం అలవాటు కావడానికి ఆ మూడు రోజులూ బాగా పనికొస్తాయి.

రెండోది, రోజులకొద్దీ మౌనంగా కూర్చోవడం అందరికీ పడదు. ఎప్పుడైనా తీవ్రమైన మానసిక సమస్యకు చికిత్స తీసుకున్నవాళ్లు, మందులు వాడుతున్నవాళ్లు ముందు డాక్టర్‌తో మాట్లాడి, నేర్పేవాళ్లకూ దాచకుండా చెప్పాలి. మందులు సొంతంగా ఆపకూడదు. మధ్యలో నిద్ర పూర్తిగా పోయినా, చుట్టూ ఉన్నది నిజం కాదన్న భయం పట్టుకుని వదలకపోయినా, దాన్ని "పురోగతి" అనుకుని ఇంకా గట్టిగా కూర్చోవద్దు. లేచి నడవండి, తినండి, మనుషులతో మాట్లాడండి, వెంటనే నేర్పేవాళ్లకు చెప్పండి. అప్పటికీ తగ్గకపోతే శిబిరం ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇవేవీ లేనివాళ్లు రేపు పొద్దున కూర్చుంటే చేయాల్సింది ఇంతే: గాలి తగిలే చోటు, ఎనిమిది దాకా లెక్క, మళ్లీ ఒకటి. లేచాక లెక్క ఎన్నిసార్లు తప్పిందో, ఏ నీవరణం ఎక్కువగా వచ్చిందో ఒక్క లైను రాసి పెట్టుకోండి. నెల తర్వాత ఆ లైన్లు తిరగేస్తే ఎక్కువ రోజులు ఒకే పేరు కనిపిస్తుంది. నా పుస్తకంలో అది నిద్ర.